రూపాయి వడ్డీకీ డాలర్ వడ్డీకీ మధ్య మిర్చి లెక్క

1896లో అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ తన వాదనకు సాక్ష్యంగా మన రూపాయిని చూపించాడు. అప్పట్లో భారత ప్రభుత్వ బాండ్లు లండన్‌లో రెండు రకాలుగా అమ్ముడయ్యేవి. ఒకదానికి వడ్డీ పౌండ్లలో, అంటే బంగారంలో. రెండోదానికి రూపాయల్లో, అంటే వెండిలో. అప్పు చేసింది ఒకే సర్కారు. అయినా రూపాయి బాండు కొనేవాడు ఎక్కువ రాబడి అడిగేవాడు. వెండి పడిపోతోంది మరి! 1870ల మొదట్లో దాదాపు 2 షిల్లింగులున్న రూపాయి, ఇరవయ్యేళ్లలో 1 షిల్లింగు 3 పెన్నీల దిగువకు జారింది.

డబ్బు విలువ ఎంత తరుగుతుందని జనం అనుకుంటే వడ్డీ అంత పెరుగుతుందన్నదే ఫిషర్ సూత్రం. కానీ రూపాయి పడినంతగా వడ్డీ తేడా పెరగలేదనీ, జనానికి ముందుచూపు సగం సగమేననీ ఆయనే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు సూత్రం కన్నా ఎక్కువ నచ్చుతుంది.

ఫార్వర్డ్ ఒప్పందంలో రూపాయి ఎంత పడుతుందన్న ఈ ఊహతో పని లేదు. రేపటి మారకం రేటు ఈ రోజే ఖరారవుతుంది. గుంటూరు యార్డులో తేజ మిర్చి టిక్కీలు కొని చైనాకు పంపే వ్యాపారికి ఆరు నెలల్లో 1,02,000 డాలర్లు రావాలనుకుందాం. సరుకు కొనడానికి ఇప్పుడు 80 లక్షలు కావాలి. డాలర్ 80 రూపాయలు. ఆరు నెలలకు రూపాయి అప్పు వడ్డీ 4 శాతం, డాలర్ అప్పుకు 2 శాతం అనుకుందాం. అంకెలు లెక్క తేలిగ్గా ఉండటానికే.

లక్ష డాలర్ల అప్పు తెచ్చి రూపాయల్లోకి మారిస్తే 80 లక్షలు చేతికొస్తాయి, రాబోయే డాలర్లతో ఆ బాకీ సరిగ్గా తీరిపోతుంది. రూపాయి అప్పు తీసుకుంటే 83.20 లక్షలు కట్టాలి. ఫార్వర్డ్ రేటు 81.57 దగ్గర ఉంటే రెండు దారులూ ఒకటే. బ్యాంకు 82 ఇస్తానంటే, రూపాయి అప్పు తీసుకుని డాలర్లు ముందే అమ్మేస్తే 83.64 లక్షలు వస్తాయి. బాకీ పోను 44 వేలు మిగులు, మారకం భయం లేకుండానే. అదే 81 అంటే 58 వేలు తగ్గుతాయి. అప్పుడు డాలర్ అప్పే మేలు.

ఇలాంటి మిగులు ఎక్కువ రోజులు నిలవదు. పెద్ద బ్యాంకులు ఇదే పని కోట్లలో చేస్తాయి, ఆ అమ్మకాలతోనే రేటు మళ్లీ 81.57 వైపు దిగుతుంది. పైగా బ్యాంకు డాలర్‌కు 43 పైసలు తగ్గించుకుంటే ఆ 44 వేలూ హరీ. అసలు ముప్పు వేరే చోట ఉంది. పురుగుమందు అవశేషాలున్నాయని కొనుగోలుదారు సరుకు తిప్పి పంపితే డాలర్లు రావు, ఫార్వర్డ్ ఒప్పందం మాత్రం మెడమీదే ఉంటుంది. ఈలోగా డాలర్ పెరిగితే ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవడానికి ఎదురు కట్టాలి.

అందుకే ఎగుమతిదారులు సంతకం పెట్టే ముందు రెండు వడ్డీలనూ, ఫార్వర్డ్ రేటునూ ఒకే రోజు, ఒకే గడువుకు, ఖర్చులన్నీ కలిపి కాగితం మీద రాయించుకోవాలి.