బాణాల లెక్క నుంచి అంకెల లెక్కకు: ఆవేశిత వలయం కథ

1828 మార్చిలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. ముందుగా డబ్బు కట్టిన చందాదారులు 51 మంది, వెల ఏడున్నర షిల్లింగులు. రాసినవాడు జార్జి గ్రీన్. పట్టణం పక్కనున్న స్నెయింటన్‌లో గాలిమర నడుపుకునే కుటుంబం వాడు. బడిలో చదివింది ఏడాది పైచిలుకు మాత్రమే. గణితాన్ని విద్యుత్తుకూ అయస్కాంతత్వానికీ అన్వయించిన ఆ పుస్తకాన్ని కొన్నవారిలో ఎందరికి అర్థమయిందో చెప్పలేం. ఇంటర్మీడియెట్ విద్యార్థి ఈనాడు బట్టీ పట్టే 'పొటెన్షియల్' అన్న పేరును విద్యుత్తుకు పెట్టింది మాత్రం అందులోనే.

పేరు గ్రీన్‌దే అయినా ఆ రాశి అంతకు ముందే ఉంది. 1770లలో లగ్రాంజ్, ఆ తర్వాతి దశాబ్దంలో లాప్లాస్ గ్రహాల ఆకర్షణను లెక్కకట్టడానికి దాన్ని వాడారు. వారి ఇబ్బంది ఏమిటో తెలిస్తే ఉపాయం విలువ తెలుస్తుంది. ఒక వస్తువులోని ప్రతి తునకా మనం నిలబడిన బిందువు మీద ఒక్కో దిశలో బలం చూపుతుంది. బలం సదిశ, అంటే బాణం లాంటిది. వేలాది బాణాలను కలపాలంటే ప్రతిదాన్నీ మూడు దిశల్లోకి విడగొట్టి, మూడు మొత్తాలు కట్టాలి. దీనికి బదులు ప్రతి తునకకూ, ద్రవ్యరాశిని దూరంతో భాగించిన ఒక్క అంకె రాసుకుంటే చాలునన్నారు వాళ్ళు. అంకెలకు దిశ లేదు కనుక నేరుగా కూడవచ్చు. ఆ మొత్తం చోటును బట్టి ఎంత వేగంగా మారుతున్నదో చూస్తే బలం తిరిగి వస్తుంది.

ఈ బేరం ఎంత లాభమో చూపడానికి వలయాన్ని మించిన ఉదాహరణ లేదు. 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల సన్నని వలయం మీద 5 నానోకూలూంబుల ధనావేశం సమంగా పరచుకుని ఉందనుకుందాం. వలయ కేంద్రం గుండా, దాని తలానికి లంబంగా పోయే గీతే అక్షం. కేంద్రం నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఈ అక్షం మీద నిలబడదాం. వలయాన్ని చిన్న చిన్న తునకలుగా కోస్తే, వాటిలో ప్రతిదీ మనకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. 3, 4, 5 లంబకోణ త్రిభుజం మనకు తెలిసిందే కదా. ఒక తునక వంతు k dq / r. r అన్నిటికీ ఒకటే కాబట్టి అది సమాకలనం బయటికి వచ్చేస్తుంది. లోపల మిగిలేది dqల మొత్తం, అంటే Q.

V = kQ / √(R² + x²)

k విలువ 9 × 10⁹ కనుక kQ = 45; 0.05 మీటర్లతో భాగిస్తే 900 వోల్టులు. అంతే లెక్క. ఇక్కడ సమాకలనం చేసిన పని కూడికే తప్ప మరొకటి కాదు.

ఇదే బాణాలతో చేస్తే? ఒక్కో తునక బాణం ఒక్కో పక్కకు ఒరిగి ఉంటుంది. ఎదురెదురు తునకల పక్కవాటు భాగాలు రద్దయిపోయి, అక్షం వెంట భాగమే మిగులుతుంది. అది ప్రతి బాణంలోనూ ఐదింట నాలుగో వంతు. ఈ వంతును మరచిపోయి 45ను 0.0025తో భాగించి మీటరుకు 18,000 వోల్టులని రాసేవాళ్ళు చాలామంది. సరైనది 14,400. పై సూత్రాన్ని x ప్రకారం అవకలనం చేసి గుర్తు మారిస్తే 14,400 దానంతట అదే వస్తుంది, ఐదింట నాలుగును ఎవరూ గుర్తు పెట్టుకోనక్కర లేకుండా.

కేంద్రం దగ్గర మరో ఉచ్చు ఉంది. అక్కడ ఎదురెదురు బాణాలన్నీ పూర్తిగా రద్దయి క్షేత్రం సున్నా అవుతుంది. క్షేత్రం లేదు కాబట్టి పొటెన్షియల్ కూడా సున్నాయే అనిపిస్తుంది. కాదు. అంకెలు రద్దు కావు; 45ను 0.03తో భాగిస్తే 1500 వోల్టులు, అక్షం మొత్తం మీద అదే గరిష్ఠం. కొండ శిఖరాన వాలు సున్నా అయినంత మాత్రాన ఎత్తు సున్నా కాదు గదా!

కడ్డీకి వస్తే ఆ సుఖం లేదు. కడ్డీని దాని పొడుగునే పొడిగించిన గీత మీద నిలబడితే దగ్గరి తునక దగ్గర, దూరపు తునక దూరం. దూరం మారుతుంది కనుక సమాకలనం లోపలే ఉండిపోతుంది. ఫలితంగా సంవర్గమానం వస్తుంది. పొడవు L, మీటరుకు ఆవేశం λ, దగ్గరి కొన నుంచి దూరం d అయితే

V = kλ ln[(d + L)/d]

10 సెంటీమీటర్ల కడ్డీ మీద 1 నానోకూలూంబు ఉంటే, కొన నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో 90 × ln 2, అంటే సుమారు 62 వోల్టులు. ఆవేశమంతా కడ్డీ మధ్యలో ముద్దగా ఉందనుకుంటే 60 వస్తుంది. పెద్ద తేడా లేదు. కొనకు 1 సెంటీమీటరు దూరానికి జరిగితే అసలు విలువ 216, ముద్ద లెక్క 150. దూరం నుంచి చూసినప్పుడే కడ్డీ బిందువులా కనిపిస్తుందన్నమాట.

పాఠ్యపుస్తకాలు తేలిగ్గా దాటేసే విషయం ఒకటుంది. లోహపు వలయానికి ఆవేశమిచ్చి దూరంగా ఒంటరిగా ఉంచితే, సౌష్ఠవం వల్ల ఆ ఆవేశం చుట్టూ సమంగానే సర్దుకుంటుంది. లోహపు కడ్డీలో అలా జరగదు. ఆవేశం కొనల వైపు ఎక్కువగా చేరుతుంది. కాబట్టి పై కడ్డీ సూత్రం ఆవేశం కదలలేని గాజు, ప్లాస్టిక్ వంటి వాటికే, అదీ సమంగా పూసినప్పుడే వర్తిస్తుంది.

అక్షం మీద మాత్రమే తెలిస్తే ఏం లాభమని పాఠకులు అడగవచ్చు. 1785లో అచ్చయిన వ్యాసంలో లెజాండర్ దీనికి జవాబిచ్చాడు: అక్షం చుట్టూ సౌష్ఠవంగా ఉన్న వస్తువు ఆకర్షణ, వస్తువు బయట అక్షం మీద తెలిస్తే, బయట అంతటా తెలిసినట్టే. మన వలయంలో దీన్ని చిన్నగా చూడవచ్చు. కేంద్రం నుంచి అక్షం మీద 1 సెంటీమీటరు జరిగితే పొటెన్షియల్ 1423 వోల్టులకు దిగుతుంది. ఖాళీ చోటులో పొటెన్షియల్ ఒక దిశలో ఇలా వంగితే, మిగిలిన రెండు దిశల్లో ఎదురుగా వంగి తీరాలన్నది లాప్లాస్ సమీకరణం. ఆ లెక్కన కేంద్రం నుంచి వలయ తలంలోనే 1 సెంటీమీటరు జరిగితే సుమారు 1540 వోల్టులకు ఎక్కుతుంది. అంటే కేంద్రం శిఖరం కాదు, గుర్రపు జీను: అక్షం వెంట దిగుడు, తలంలో ఎగుడు. ధనావేశపు పూసను అక్కడ ఉంచితే అక్షం వెంట జారిపోతుంది. రుణావేశపు పూస అక్షం వెంట ఊగుతుంది గాని, కాస్త పక్కకు ఒరిగితే వలయాన్నే అంటుకుంటుంది. నిశ్చల ఆవేశాలతో ఏ పూసనూ గాలిలో నిలపలేమని 1842లో శామ్యూల్ ఎర్న్‌షా నిరూపించాడు.

గ్రీన్ 1833లో, నలభయ్యో ఏట, కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరి, 1841లో మరణించాడు. 1845 జనవరిలో, పారిస్‌కు బయలుదేరబోతున్న ఇరవయ్యేళ్ళ విలియం థామ్సన్ తన గురువు హాప్కిన్స్ దగ్గర ఆ పుస్తకం ప్రతులు సంపాదించి, పారిస్‌లో లియూవిల్, స్టర్మ్‌లకు చూపించాడు. 1850 నుంచి 1854 వరకు బెర్లిన్‌లోని క్రెల్ పత్రిక దాన్ని మూడు భాగాలుగా తిరిగి అచ్చువేసింది. స్నెయింటన్ గాలిమర ఇప్పటికీ నిలిచే ఉంది.