కొత్తగా వచ్చినవాళ్ళకి తోడు ఉంటున్నారా? మొదటి జీతం దాకా చూడండి

యూఏఈలో మీ క్యాంపుకి కొత్తవాడు రాగానే ఫోర్‌మన్ మీకు అప్పజెబుతాడు. మంచం, మెస్సు, బస్సు ఆగే చోటు ఒక్కరోజులో చూపించేయొచ్చు. అసలు పని జీతం దగ్గరుంది.

మొదటి వారంలోనే అతని ఆఫర్ లెటర్ అడిగి, ఫోన్‌లో ఫోటో తీయించండి. ఊళ్లో ఏజెంటు నోటితో చెప్పిన మొత్తం కాదు, అందులో బేసిక్ ఎంతో చూడండి. ఓవర్‌టైమ్ లెక్క దాని మీదే. బేసిక్ 960 దిర్హమ్‌లైతే రోజుకి 32, గంటకి 4. ఓవర్‌టైమ్ గంటకి 25 శాతం కలిపి 5. నెలలో 40 గంటలు ఎక్కువ చేస్తే 200 రావాలి. రాత్రి 10 నుంచి 4 మధ్య చేస్తే 50 శాతం కలపాలి, షిఫ్ట్ డ్యూటీ వాళ్ళకి తప్ప.

అందుకే మొదటి రోజు నుంచే ఎక్కిన టైమ్, దిగిన టైమ్ చిన్న పుస్తకంలో రాయించండి. టైమ్‌షీట్ ఫోర్‌మన్ దగ్గరుంటుంది, పుస్తకం మనవాడి దగ్గరుంటుంది.

జీతం పడ్డ రోజు ఏటీఎంకి మీరూ వెళ్ళండి. కార్డు, పిన్ క్యాంప్ బాస్‌కి ఇవ్వొద్దని ముందే చెప్పండి. స్లిప్పులో వీసా, మెడికల్ పేరుతో కోత ఉంటే అది చెల్లదు, ఆ ఖర్చు కంపెనీదే. పాస్‌పోర్టు కూడా కంపెనీ పెట్టుకోకూడదు.

తేడా వస్తే ముందు ఆఫీసులో అడగండి. వినకపోతే కార్మిక శాఖ 600590000కి అతని ఫోన్ నుంచే చేయించండి.