బరువు ఒకటే.. కానీ కొవ్వెంత, కండెంత? అల్ట్రాసౌండ్‌తో ఇలా కొలుస్తారు

పొదిలిలో ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు బస్తాలు మోసే హమాలీ, ఇంకొకరు రోజంతా కొట్లో కూర్చునే వ్యాపారి. ఇద్దరిదీ 165 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు. అంటే ఇద్దరికీ బీఎంఐ 22. లెక్క ప్రకారం ఇద్దరూ నార్మలే. కానీ ఒకరిలో కండ ఎక్కువ, ఇంకొకరిలో కొవ్వు ఎక్కువ ఉండొచ్చు. ఆ తేడా కాటాకు తెలీదు.

దీన్ని పక్కాగా తేల్చడానికి డెక్సా స్కాన్ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, చుట్టుపక్కల గ్రామాల వాళ్లపై చేసిన అధ్యయనంలో దీన్నే వాడింది. అయితే అది గదంత మెషీన్, ఊళ్లకు తీసుకెళ్లడం కష్టం. చిన్న అల్ట్రాసౌండ్ మెషీన్ అలా కాదు.

ఎలా కొలుస్తారు?

మనిషిని పడుకోబెట్టి కాసేపు కదలకుండా ఉంచుతారు. తుంటి ఎముక నుంచి మోకాలి చిప్ప దాకా టేపుతో కొలిచి, సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెడతారు. జెల్ దట్టంగా రాసి ప్రోబ్‌ను నిటారుగా ఆనిస్తారు. స్క్రీన్‌పై పైన చర్మం, దాని కింద నల్లటి కొవ్వు పొర, ఆ తర్వాత ఒక తెల్లటి గీత, దాని కింద కండ, అడుగున మెరిసే ఎముక కనిపిస్తాయి. చర్మం నుంచి ఆ తెల్ల గీత దాకా కొవ్వు మందం, అక్కడి నుంచి ఎముక దాకా కండ మందం.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

ప్రోబ్‌ను నొక్కితే కొవ్వు అణిగి తక్కువ చూపిస్తుంది. దీన్ని కనిపెట్టడం తేలికే. చర్మంపైన జెల్ నల్లటి పట్టీలా కనిపించాలి. అది మాయమైతే నొక్కేసినట్టే, మళ్లీ తీయాలి. మూడుసార్లు కొలిచినా రీడింగ్‌లు దగ్గరగా రాకపోతే నమ్మకూడదు. బరువైన పని చేసిన వెంటనే కొలిచినా కండ ఉబ్బి ఎక్కువ చూపిస్తుంది.

ఇంకో మెలిక ఉంది. మెషీన్లు శబ్ద వేగం సెకనుకు 1540 మీటర్లు అనుకుని లెక్కేస్తాయి. కొవ్వులో అది సుమారు 1450 మీటర్లే. అందుకే స్క్రీన్‌పై 10 మిల్లీమీటర్లు కనిపిస్తే అసలు కొవ్వు దాదాపు 9.4 మిల్లీమీటర్లే.

ఇది చెప్పనిదేంటి?

ఇలా కొలిచేది చర్మం కింది కొవ్వే. పొట్ట లోపల పేగుల చుట్టూ చేరిన కొవ్వు ఇందులోకి రాదు. మందాన్ని శరీర కొవ్వు శాతంగా మార్చే ఫార్ములాలు వేరే జనాభాపై తయారైతే మనకు సరిపోకపోవచ్చు. అందుకే శాతం కన్నా, అదే గుర్తు దగ్గర కొన్ని నెలల తర్వాత మళ్లీ కొలిచి మిల్లీమీటర్ల తేడా చూడటమే మేలు.

ఊళ్లో వాడొచ్చా?

మెషీన్ బ్యాగులో పట్టినా ఇంటింటికీ తిప్పడం కుదరదు. లింగ నిర్ధారణను అడ్డుకునే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి మెషీన్‌నూ రిజిస్టర్ చేయాలి. 2012 నాటి నిబంధన ప్రకారం పోర్టబుల్ మెషీన్‌ను రిజిస్టరైన ఆస్పత్రిలో ఇన్‌పేషెంట్లకు, లేదా రిజిస్టరైన సంచార వైద్య వాహనంలోనే వాడాలి. కాబట్టి పొదిలిలో క్యాంప్ పెట్టాలంటే ముందు కావాల్సింది ఆ వాహనమే.