పరుగు కోసం పుట్టిన బాడీ

బెల్లంపల్లిలో పోలీసు ఉద్యోగానికి తయారయ్యే అమ్మాయిల ముందుండే పెద్ద గండం 800 మీటర్ల పరుగు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో దానికిచ్చిన గడువు 5 నిమిషాల 20 సెకన్లు. అది కాక లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉంటాయి. బూట్లు కొనేముందు సీనియర్లను అడిగి తెలుసుకునే అమ్మాయి, స్పోర్ట్స్ బ్రా దగ్గరికి వచ్చేసరికి "మీడియం సరిపోతది అక్కా" అన్న దుకాణంవాళ్ల మాట మీదే డబ్బులు కట్టేస్తుంది. ఆ మీడియం ఎందుకు పుట్టిందో తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో కూడా తెలుస్తుంది.

కప్పు కొలతలు స్పోర్ట్స్ బ్రా కంటే పాతవి. రొమ్ము పరిమాణాన్ని ఏ, బీ, సీ, డీ అక్షరాలతో చెప్పే పద్ధతిని 1932లో ఎస్.హెచ్. క్యాంప్ అనే అమెరికా కంపెనీ మొదలుపెట్టింది. రొమ్ముల కింద పట్టీ ఎంతుండాలో అంకె చెబుతుంది, ఆ పట్టీ కంటే రొమ్ములు ఎంత ముందుకున్నాయో అక్షరం చెబుతుంది. ఈ రెండు కొలతలూ కలిస్తేనే సైజు.

1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో పరుగు అలవాటున్న లీసా లిండాల్, రంగస్థల దుస్తులు కుట్టే పాలీ స్మిత్, ఆమె సహాయకురాలు హిండా మిల్లర్ ముగ్గురూ కలిసి, పరుగెత్తేటప్పుడు కదలని బాడీ కోసం ప్రయత్నాలు మొదలుపెట్టారు. చివరికి మగ ఆటగాళ్లు కట్టుకునే సపోర్టర్లు రెండు తెచ్చి ఒకటిగా కుట్టారు. వాటి నడుము పట్టీ రొమ్ముల కింది పట్టీ అయింది, మిగతా పట్టీలు వీపు మీద అడ్డంగా దాటాయి. చర్మం ఒరుసుకోకుండా కుట్లను బయటివైపు పెట్టారు. దానికి జాగ్‌బ్రా అని పేరుపెట్టి, 1979 నవంబర్ 20న పేటెంట్ పొందారు.

జాగ్‌బ్రా పనిచేసింది రొమ్ములను ఛాతీకి అదిమిపెట్టడం ద్వారా. అదిమే బట్టకు లోపల విడివిడి కప్పులుండవు కాబట్టి, బనియన్‌కు మల్లే ఛాతీ చుట్టుకొలత ఒక్కటి చాలు. సాగే బట్ట మిగతా తేడాను సర్దుకుంటుంది. చిన్న, మధ్య, పెద్ద అన్న గుర్తులు ఈ రకానికి సరిగ్గా అతికాయి. తయారీదారుకు తక్కువ సైజులు, దుకాణానికి తక్కువ నిల్వ. చిన్న కప్పు ఉన్నవాళ్లకు ఇప్పటికీ అది బాగానే కుదురుతుంది. అసలు చిక్కు పెద్ద కప్పు ఉన్నవాళ్లకే.

ఒక అమ్మాయి రొమ్ముల కింద చుట్టుకొలత 32 అంగుళాలు, రొమ్ముల మీదుగా 36 అనుకుందాం. తేడా ఒక అంగుళమైతే ఏ, రెండైతే బీ, మూడైతే సీ, నాలుగైతే డీ. ఆమెది 32 డీ. (కింది కొలతకు నాలుగో ఐదో అంగుళాలు కలిపే పాత లెక్క కొన్ని చోట్ల ఇంకా ఉంది. ఆ లెక్కలో పట్టీ వదులై, కప్పు చిన్నదవుతుంది.) పెట్టె మీది పట్టికల్లో చాలావరకు 32 పట్టీ ఎస్, 34 ఎం, 36 ఎల్. పట్టీ చూసి ఎస్ తీసుకుంటే రొమ్ములు పైనుంచి, చంకల దగ్గరనుంచి బయటికొస్తాయి. రొమ్ములు పట్టేలా ఒక సైజు పెంచి ఎం తీసుకుంటే కప్పు కొంత సరిపోతుంది, కానీ పట్టీ వదులు. 34 సీలో కూడా కప్పు లోపలి చోటు 32 డీ అంతే ఉంటుంది కాబట్టి ఎం సరిపోయినట్టే కనిపిస్తుంది. పరుగు మొదలయ్యాకే లోపం బయటపడుతుంది. బరువులో ఎక్కువ భాగం మోసేది భుజాల పట్టీలు కావు, కింది పట్టీ.

ఎంత గట్టి ఆసరా కావాలన్నది చేసే పనిని బట్టి ఉంటుంది. రొమ్ములో కండరం లేదు, చర్మమూ సన్నని కణజాల బంధాలే దాన్ని పట్టి ఉంచుతాయి. నడకలో, యోగాలో కదలిక తక్కువ, అదిమే ఎస్, ఎం, ఎల్ రకం చాలు. సైకిల్ తొక్కడానికి, వేగంగా నడవడానికి మధ్యస్థం. పరుగులో మాత్రం రొమ్ము పైకీ కిందికే కాక పక్కలకూ ముందుకూ కదులుతుంది. లాంగ్ జంప్‌లో దిగే క్షణంలోనూ గట్టి కుదుపే. 800 మీటర్లకు కావలసింది 'హై ఇంపాక్ట్' అని రాసి ఉన్నది. 32 డీ అమ్మాయికైతే ఒక్కో రొమ్మును విడిగా పట్టే కప్పులు, వెనక హుక్కులు, సవరించుకునే భుజాల పట్టీలు ఉండి, పట్టీ అంకె, కప్పు అక్షరం రెండూ రాసినది. ఇంకా బిగుతుగా ఉంటుందని ఒక సైజు తగ్గించి కొనొద్దు. పక్కటెముకలు విచ్చుకోక ఊపిరి అందదు, ఆ పరుగులో ఊపిరే ముఖ్యం.

కొనేముందు చివరి హుక్కు, అంటే అన్నిటికన్నా వదులుగా ఉండేది పెట్టి చూడాలి. వాడేకొద్దీ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులు పనికొస్తాయి. పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, అంతకు మించి పట్టకూడదు. చేతులు పైకెత్తి చూస్తే వెనక పట్టీ వీపు మీదికి పాకకూడదు. పాకితే పట్టీ పెద్దది, ఒక అంకె తగ్గించి అక్షరం ఒకటి పెంచాలి. కప్పు బట్ట ముడుచుకుంటే కప్పు పెద్దది, అంచు దగ్గర రొమ్ము ఉబికితే చిన్నది. ఆ తర్వాత ట్రయల్ గదిలోనే పదిసార్లు గెంతి చూడాలి. బాగా ఉతికి ఉతికి సాగిపోయిన పాతది చివరి లోపలి హుక్కు మీద కూడా ఇలాగే వీపు మీదికి పాకుతుంటే, దాన్ని నడకకు ఉంచుకుని పరుగుకు కొత్తది తీసుకోవాలి.