వాతావరణ స్థిరత్వం

నేల దగ్గరి గాలి పైకి లేచినప్పుడు పీడనం తగ్గి, వ్యాకోచించి చల్లబడుతుంది. మేఘం కట్టనంతవరకు కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీలు కోల్పోతుంది. ఆవిరి నీరుగా మారడం మొదలైతే విడుదలైన వేడి వల్ల ఆ నష్టం దాదాపు 5 డిగ్రీలకు తగ్గుతుంది. చుట్టూ ఉన్న గాలిలో ఎత్తుతో ఉష్ణోగ్రత తగ్గే తీరును క్షీణతా రేటు అంటారు. పైకి లేచిన గాలి తన ఎత్తులోని పరిసరాలకన్నా వెచ్చగా ఉంటేనే ఇంకా లేస్తుంది, చల్లగా ఉంటే వెనక్కి దిగుతుంది.

వేడే చాలనుకుంటే మే నెలలో కోస్తాంధ్రలో రోజూ పిడుగుల వాన పడాలి. అలా పడదు, ఎందుకంటే పైన తరచుగా వెచ్చని పొడిగాలి పొర మూతలా ఉంటుంది. ఉదాహరణకు నేల మీద 40 డిగ్రీలున్న గాలి 2 కిలోమీటర్ల ఎత్తులో 20కి చేరి మేఘం కడుతుందనుకుందాం. అక్కడి పరిసరాలు 22 డిగ్రీలుంటే అది ఆగిపోతుంది. అలాంటప్పుడు తేమ వృథాయేనా అంటే, కాదు. పరిసరాలు ఆపైన కిలోమీటరుకు 7 డిగ్రీలు చల్లబడుతుంటే, 3 కిలోమీటర్ల దగ్గర రెండూ 15 డిగ్రీలవుతాయి. సముద్రపు గాలి అంచో, కొండవాలో అంతవరకు నెట్టగలిగితే, 5 కిలోమీటర్ల దగ్గర లోపలి గాలి 5, బయటిది 1 డిగ్రీ. ఇక ఆ మేఘం తనంత తానే పెరిగి గాలివానవుతుంది. నెట్టే బలం చాలకపోతే ఉక్కపోతే మిగులుతుంది. అందుకే సూచన చెప్పేవారు నేల ఉష్ణోగ్రతతో సరిపెట్టుకోక, విశాఖపట్నం, హైదరాబాద్ వంటి కేంద్రాల నుంచి వదిలే బెలూన్ల కొలతలు చూస్తారు.