ఉసిరి కింద పూజ, మామిడి కింద పంక్తి

వనభోజనాలు సోమవారం మాత్రం పెట్టుకోకండర్రా. కార్తీక సోమవారం ఇంట్లో పెద్దవాళ్ళు సగం మంది ఉపవాసం ఉంటారు, చుక్కని చూస్తే గానీ ముద్ద ముట్టరు. వాళ్ళని తోటకి తీసుకెళ్ళి, పులిహోర వాసన చూపించి, సాయంత్రందాకా కూర్చోబెట్టడం ఏం మర్యాద? ఏకాదశీ వద్దు. ఆదివారం సుఖం. ఇంకాస్త ఇటు జరగండి, మంట అందుతుంది. ఆ చితుకులు కూడా వెయ్యండి.

నేను కాపురానికొచ్చిన కొత్తలో కోనసీమలో మన తోటలన్నీ కొబ్బరే. కాలవ గట్టున ఒక్క ఉసిరిచెట్టు, దాని అవతల నాలుగైదు ముసలి మామిళ్ళు. మొదటి కార్తీకం నాడు కొత్త కోడలి ఉత్సాహం కొద్దీ నేను కొబ్బరిచెట్ల కింద చాప పరిచాను. మా మావగారు ఏమీ అనలేదు, పైకి చూపించారంతే. గెలలు! ముదురు కాయో, ఎండిన మట్టో ఎప్పుడు రాలుతుందో ఎవరికి తెలుసు? దింపు తీయించని కొబ్బరి కింద మనుషుల్ని కూర్చోబెట్టకూడదు.

మరి ఉసిరి కింద కదా తినాలి అంటారు. నిజమే, ఆనవాయితీ అదే. కానీ ఉసిరాకు సన్నం, దాని నీడ జల్లెడ నీడ. అరవై మంది అక్కడ కూర్చుంటే అరవై మందికీ ఎండే. అందుకని ఉసిరి మొదట్లో దీపం పెట్టి, పూజ చేసి, పెద్దవాళ్ళచేత అక్కడ ఒక ముద్ద తినిపించి, పంక్తి మాత్రం మామిడి కింద వేసేవాళ్ళు. ఉసిరి లేని తోటైతే ఓ కొమ్మ తెచ్చి పాతుకుంటారు, అదీ చెల్లుతుంది.

నీడ సంగతి మావగారి దగ్గరే నేర్చుకున్నాను. వేసవిలో మిట్టమధ్యాహ్నం నీడ చెట్టు కిందే ఉంటుంది. కార్తీకంలో అలా కాదు. సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనక పన్నెండు గంటలకి కూడా నీడ ఉత్తరానికి పడుతుంది. మీరే నించుని చూడండి, మీ ఎత్తులో సగానికి పైగా పొడుగుంటుంది. భోజనాలు ఒంటి గంట దాటితే అది ఈశాన్యానికి జరుగుతుంది. పొద్దున్నే వెళ్ళినవాళ్ళు అప్పుడు నీడ ఎక్కడుంటే అక్కడ, అంటే మొదలుకి పడమటవైపు, చాపలు పరిచేస్తారు. విస్తళ్ళు వేసే వేళకి మొహాల మీద ఎండ. ఉత్తరం నుంచి ఈశాన్యం దాకా ఊడిపించి ఉంచుకుంటే మళ్ళీ జరగక్కర్లేదు. ఊడ్చేటప్పుడు ఎండాకుల్ని చేత్తో లాగకండి, కర్రతో కదిపి చూడండి, పురుగూ పుట్రా ఉంటాయి. కొమ్మల్లో ఆకులు కలిపి కుట్టుకున్న ఎర్ర చీమల గూడుందేమో కూడా చూసుకోండి. ఉంటే ఆ చెట్టు వదిలెయ్యడమే, గూడు దులిపితే రోజంతా కుడతాయి.

ఇక పొయ్యి. దాని దగ్గరే ఏటా గొడవ. మా చినమావగారు ఆగ్నేయం అనేవారు, శాస్త్రం ప్రకారం. మావగారు గుప్పెడు దుమ్ము జారవిడిచి ఎటు పోతుందో చూసేవారు. ఈ రోజుల్లో మనవైపు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచే వీస్తుంది. పంక్తి ఉత్తరాన, పొయ్యి పడమటగా కాస్త నైరుతికి ఉంటే పొగ మనుషుల మీదకి రాదు. పొద్దెక్కేదాకా వంటవాళ్ళ మీద చెట్టు నీడ కూడా ఉంటుంది. ఇంట్లో శాస్త్రం, తోటలో గాలి, అనేవారాయన. నాకూ అదే సబబనిపిస్తుంది. కొమ్మల కిందికి మాత్రం రానివ్వద్దు. వేళ్ళు కాలతాయి, ఆకులు గుండిగలో రాలతాయి.

గాడిపొయ్యి అంటే మూరెడు లోతు, గుండిగ అంచులు రెండు పక్కలా ఆనేంత వెడల్పు, రెండు బారల పొడుగు. గాలి వచ్చే వైపు మూతి, పుల్లలు అటునుంచే పెట్టాలి. ఒక ఏడు వానలు ఆలస్యంగా వదిలాయి. మూరెడు తవ్వేసరికి అడుగున చెమ్మ ఊరింది. నిప్పు రాజుకోదు, పొగ తప్ప మంట లేదు. చివరికి కాలవ గట్టున పడున్న ఇటుకలు మోసుకొచ్చి, నేల మీదే రెండు వరసలు పేర్చి వండారు. మీరూ ముందురోజు ఓ గుంట తవ్వి వదిలేసి చూడండి. పొద్దుటికి అడుగు తడిగా కనిపిస్తే ఇటుకలు పట్టుకెళ్ళండి. కట్టెలు తోటలో ఏరుకుందాం అనుకోవద్దు, వానాకాలం వెళ్ళిన పుల్ల లోపల పచ్చిగానే ఉంటుంది. ఇంటి దగ్గర ఎండిన సరుగుడు తీసుకెళ్ళండి. గిన్నెల అడుగున తడి మట్టి పూస్తే మసి అంటదు, తోమేవాళ్ళు దణ్ణం పెడతారు.

బియ్యం మీ లెక్కలో చెప్తాను. పులిహోర, కూర, పప్పు, పాయసం ఉంటే కిలోకి ఎనిమిది మంది. 60 మందికి ఏడున్నర కిలోలు: మూడు పులిహోరకి, మిగతాది తెల్లన్నానికి. పులిహోర అన్నిటికంటే ముందు కావాలి, పొద్దున్నే. అన్నం పలుకుగా వార్చి, అరిటాకుల మీద ఆరబోసి, పసుపూ నూనే పట్టించి, చల్లారాక పులుసు కలపాలి. వేడి మీద కలిపితే ముద్దవుతుంది. అది సాయంత్రందాకా ఉన్నా పాడవదు, పిల్లలు ఆకలంటే ఓ దొన్నె పెట్టేయొచ్చు. తెల్లన్నం మాత్రం చివర. కందా బచ్చలీ ఉండాల్సిందే, ఉల్లీ వెల్లుల్లీ లేని నెలలో దానికి మించిన కూర లేదు. కంద తరిగేవాళ్ళు చేతికి నూనె రాసుకోవాలి. పెరుగు ఇంటి నుంచి పదకొండు దాటాకే రావాలి, పొద్దున్నే తెస్తే భోజనాలకి పులుస్తుంది.

పెద్దవాళ్ళ సంగతి మా అత్తగారు చూసేది. అందరూ మంచం వేశామా, దిండు పెట్టామా అనుకుంటారు. ఆవిడ ముందు తడికలు కట్టించేది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు తోటలో చాటు లేదని రోజంతా నీళ్ళు తాగకుండా కూర్చునేవారు, సాయంత్రానికి కళ్ళు తిరిగేవి. దగ్గరగా, దారిలో పల్లేరుకాయలు లేకుండా చెక్కించి, మూడు వైపులా తాటాకు తడికలు, ఓ బిందె నీళ్ళు. అది చూశాక మా పెద్దత్తగారు మొదటిసారి చెంబుడు మజ్జిగ ధైర్యంగా తాగింది. మోకాళ్ళు వంగనివాళ్ళకి కుర్చీ వెయ్యండి, ఎదురుగా ఎత్తు బల్ల మీద విస్తరి. కానీ వాళ్ళని విడిగా ఓ మూల పెట్టకండి, పంక్తి చివర కలపండి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళకి పన్నెండున్నరకే వడ్డించండి, మిగతావాళ్ళ కోసం ఆపొద్దు.

ఆటలంటారా, కోతికొమ్మచ్చికి మామిడే. మునగ, నేరేడు ఎక్కనివ్వకండి, పుటుక్కున విరుగుతాయి. చెడుగుడు పొయ్యికి దూరంగా, భోజనాలకి ముందే. తిన్నాక ఒప్పులకుప్ప తిరిగితే తిన్నదంతా బయటికొస్తుంది, మీ అమ్మని అడగండి. అప్పుడు వామనగుంటలు. నేల మీద ఏడేసి గుంటలు రెండు వరసలు తవ్వి, చింతగింజలు పోసి, ముసలమ్మ పక్కన ఓ మనవరాలిని కూర్చోబెడితే సాయంత్రందాకా లేవరు. దొంగాటలన్నీ ముసలమ్మే ఆడుతుంది.

అయిదు దాటితే పొద్దు వాలిపోతుంది, నాలుగున్నరకే సర్దుకోవాలి. గాడి మీద మట్టి కప్పేసి వచ్చేస్తే సరిపోదు. పైకి చల్లగా కనిపిస్తుంది, లోపల నిప్పులు మర్నాటిదాకా ఉంటాయి. మా పక్క తోటలో ఓ దూడ కాలు అలాగే కాలింది. నీళ్ళు పోస్తూ, కర్రతో కలుపుతూ, చుయ్యిమనడం ఆగేదాకా పోయాలి. అప్పుడు మట్టి, దాని మీద ముళ్ళకంప. ఆ నీళ్ళకోసం రెండు బిందెలు ముందే పక్కన పెట్టుకోండి, లేకపోతే గిన్నెలు కడగడానికే అయిపోతాయి. ఇంతకీ తడికలెవరు తెస్తారో అది చెప్పండి ముందు.