గంటల పట్టిక: కుంగుబాటు చికిత్సలో ఒక కాగితం కథ

కుంగిపోయిన మనిషి చేసే పనుల్లో చాలా వరకు బాధ నుంచి తప్పించుకోవడానికి చేసేవేనని 1973లో అమెరికన్ మనస్తత్వవేత్త చార్లెస్ ఫెర్‌స్టర్ రాశాడు. అదే దశకంలో ఆరెగాన్‌లో పీటర్ లెవిన్‌సన్ బృందం మనసుకు హాయినిచ్చే 320 పనులతో ఒక జాబితా తయారుచేసింది. వాడుకలోకి ముందు వచ్చింది ఆ జాబితాయే. ఫెర్‌స్టర్ మాట చాలాకాలం మరుగున పడింది.

1996లో సియాటిల్‌లో నీల్ జేకబ్సన్ కుంగుబాటుకు ఆరన్ బెక్ రూపొందించిన చికిత్సను భాగాలుగా విడదీసి పరీక్షించాడు. ఆలోచనలను సరిదిద్దే భాగం వదిలేసి పనుల భాగం ఒక్కటే ఇచ్చినా రోగులు పూర్తి చికిత్స పొందినవారితో సమానంగానే కోలుకున్నారు. జేకబ్సన్ 1999లో కన్నుమూశాడు. సహచరులు మార్టెల్, ఆడిస్ 2001లో పూర్తిచేసిన గ్రంథం ఫెర్‌స్టర్ చెప్పిన ‘తప్పించుకోవడా’న్ని మళ్లీ నడిమధ్యకు తెచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు అదే.

ఆ మలుపుతో, రోగి తన రోజును రాసుకునే గంటల పట్టిక పని కూడా మారింది. మొదటి వారం రోగిని ఏమీ మార్చుకోమనరు. ప్రతి గంటకూ ఏం చేశారో రాసి, పక్కన మనసు స్థితికి సున్నా నుంచి పది వరకు అంకె వేయమంటారు. అంకెలన్నీ ఒకేలా ఉంటే వారాంతంలో ఒక్కసారే కూర్చుని నింపారేమోనని అనుమానించాలి.

ఊహకు ఒక టీచరమ్మను తీసుకుందాం. రెండు నెలలుగా బడికి వెళ్లడం లేదు. ఆమె పట్టికలో ఉదయం తొమ్మిదికి ‘ఫోన్ మోగింది, బోర్లా పెట్టేశా’ అని ఉంది. అంకె 3. పదింటికి 1. ఫోన్ ఎత్తకపోవడం ఆ నిమిషానికి ఊరటే, అందుకే మర్నాడూ అదే చేస్తుంది. సాయంత్రం చెత్తబండికి బకెట్ ఇచ్చి వచ్చినప్పుడు మాత్రం 4. చికిత్సకుడు ఆగాల్సింది అక్కడే. అరగంట నడవమని చెప్పడు. సోమ, బుధవారాల్లో బకెట్ ఇచ్చాక గేటు దగ్గర ఐదు నిమిషాలు నిలబడమంటాడు.

బుధవారం గడి ఖాళీగా వచ్చింది. ‘ఎందుకు చేయలేదు?’ అంటే ఆమె తలదించుకుంటుంది. అందుకని ‘దానికి ముందు ఏం జరిగింది?’ అని అడుగుతాడు. సోమవారం పక్కింటావిడ ‘బడికి ఎప్పుడు వెళ్తున్నారు?’ అని అడిగిందట. ‘ఇంకా సెలవులో ఉన్నానండీ’ అన్న ఒక్క జవాబును ఇద్దరూ గదిలోనే నాలుగుసార్లు అని చూస్తారు. తర్వాతి వారం ఆమె నిలబడింది, కానీ అంకె 2 దాటలేదు. అడిగితే, ఆ ఐదు నిమిషాలూ ఉద్యోగం పోతుందనే తలపోస్తూ ఉందని తేలింది. తలపోత కూడా తప్పించుకోవడమే. ఈసారి గేటు పక్కనున్న మొక్కలకు నీళ్లు పోయమంటాడు, మట్టి తడిసే తీరు గమనిస్తూ.

సియాటిల్‌లోనే 2006లో వెలువడిన పరిశీలనలో, తీవ్రంగా కుంగినవారికి ఈ పద్ధతి మందుతో సమానంగా పనిచేసింది. 2017 నాటి గోవా అధ్యయనంలో, వైద్యులు కాని సలహాదారులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నుంచి ఎనిమిది విడతల్లో దీన్ని అందించి మేలు చూపారు. అయినా చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని ప్రతి విడతలోనూ సూటిగా అడగాలి. అవునంటేనో, తిండీ నీళ్లూ మానేస్తేనో, పట్టిక పక్కన పెట్టి ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరకు పంపాలి.